బోరు లెక్క తేలాకే బ్రాండు

నల్లగొండలోనో మిర్యాలగూడలోనో ఏ మోటార్ల దుకాణం మెట్లెక్కినా మొదట వినపడే ప్రశ్న ఒకటే: "ఎన్ని హెచ్‌పీ కావాలన్నా?" రైతు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "పక్క చేనోళ్లు ఏడున్నర దింపిండ్రు. నాక్కూడా గదే ఇయ్యి." తర్వాత ఏ కంపెనీ కావాలి, ఎంతకిస్తారు, బాకీ ఎన్నాళ్లు అన్న మాటలు నడుస్తాయి. అరగంటలో మోటారు ఆటో ఎక్కుతుంది. ఈ బేరమంతటిలో బోరు ఎంత లోతు, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, గంటకు ఎంత ఊరుతున్నాయి అని ఎవరూ అడగరు. మోటారు దిగాల్సింది మాత్రం ఆ బోరులోకే.

దుకాణంలో బ్రాండ్లకు కొదవ లేదు. కోయంబత్తూరు నుంచి సీఆర్ఐ, టెక్స్‌మో, సుగుణ వస్తాయి. పుణె నుంచి కిర్లోస్కర్ బ్రదర్స్, కేఎస్‌బీ. గుజరాత్ నుంచి లూబి, ఫాల్కన్, వరుణ. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్ నుంచి శక్తి. ఇవి కాక స్థానికంగా బిగించి, పేరున్న కంపెనీ పేరుకు ఒక అక్షరం అటూ ఇటూ మార్చి అమ్మేవీ ఉంటాయి. వీటిలో ఏది మంచిది అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఒకే కంపెనీ ఒకే హెచ్‌పీలో ఎన్నో మోడళ్లు చేస్తుంది. ఆ పేరున్న పంపే ఒక బోరులో పదేళ్లు నడుస్తుంది, పక్క బోరులో రెండేళ్లు తిరక్కుండా కాలిపోతుంది. కాబట్టి పోల్చడం కంపెనీ పేరుతో కాకుండా బోరుతో మొదలుపెట్టాలి.

అయిదెకరాల బత్తాయి తోట ఉన్న ఒక రైతు లెక్క వేసి చూద్దాం. నల్లగొండ రాతినేలలో బోరు 300 అడుగులు వేశారు. ఆరున్నర అంగుళాల బోరు. మోటారు 220 అడుగుల దగ్గర దింపాలనుకున్నారు. ఎకరానికి సుమారు 110 చెట్ల చొప్పున 550 చెట్లు, నీళ్లు డ్రిప్పుతో ఇస్తారు. ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 110 లీటర్లు అనుకుంటే తోటకు 60,000 లీటర్లు కావాలి. రోజుకు ఏడు గంటలు నడిస్తే గంటకు 9,000 లీటర్లకు కాస్త తక్కువ పడుతుంది. అంటే సెకనుకు రెండున్నర లీటర్లు చాలు. బోరు అంత ఇస్తుందా అన్నది ముందు తేల్చుకోవలసిన సంగతి.

అది తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. పాత మోటారుతోనో అద్దె మోటారుతోనో బోరును కనీసం నాలుగైదు గంటలు ఆపకుండా నడపాలి. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో గంటకోసారి చూడాలి. 80 సెకన్లలో నిండితే సెకనుకు రెండున్నర లీటర్లు. మొదటి గంటలో 60 సెకన్లకే నిండి, నాలుగో గంటకు 80కి వచ్చి అక్కడే ఆగితే ఆ 80నే నమ్మాలి. మొదటి గంటలో వచ్చేది బోరులో రాత్రంతా నిలిచిన నీరు, తర్వాత వచ్చేది అసలు ఊట. చాలామంది పొద్దున్నే మోటారు వేసి, పైపు నిండుగా దూకే నీళ్లు చూసి మురిసిపోయి లెక్క తప్పేది ఇక్కడే. పంపుతో పాటు సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి బోరులోకి దింపి ఉంచితే, దానిలోంచి బరువు కట్టిన తీగతో నీటిమట్టం కూడా కొలవవచ్చు. మోటారు నడుస్తుండగా నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర నిలకడగా ఉన్నాయో అదే లెక్కలోకి వస్తుంది, ఆపినప్పటి మట్టం కాదు. మన రైతు బోరులో అది 165 అడుగులు, అంటే 50 మీటర్లు అనుకుందాం.

మోటారును దింపింది 220 అడుగులకైనా, నీళ్లను ఎత్తాల్సింది 165 అడుగుల నుంచే. పైపు నీళ్లలో మునిగి ఉన్న మేరకు ఎత్తే భారం ఉండదు. ఈ ఒక్క విషయం తెలియక "బోరు లోతు ఇంత, కాబట్టి హెచ్‌పీ ఇంత" అని అంచనా కట్టడం పరిపాటి. మరోవైపు, కలపాల్సినవి రెండు మరిచిపోతారు. రెండంగుళాల పైపులో 120 మీటర్లకు పైగా నీళ్లు ప్రయాణిస్తే గోడలకు రాసుకుని ఐదు మీటర్ల ఒత్తిడి పోతుంది. డ్రిప్పు ఫిల్టరు దగ్గర చదరపు సెంటీమీటరుకు కేజీన్నర ఒత్తిడి కావాలి, అది పదిహేను మీటర్ల ఎత్తుకు సమానం. 50కి 5, 15 కలిపితే 70 మీటర్లు. దీన్నే మెకానిక్కులు హెడ్ అంటారు. ఈ రైతు దుకాణంలో అడగాల్సిన మాట "ఏడున్నర హెచ్‌పీ" కాదు. "70 మీటర్ల హెడ్ మీద సెకనుకు రెండున్నర లీటర్లు పోసేది చూపించు" అనాలి.

హెచ్‌పీ ఇప్పుడు దానంతట అదే తేలుతుంది. లీటర్లను మీటర్లతో హెచ్చించి 75తో భాగిస్తే నీళ్లు ఎత్తడానికి నికరంగా కావలసిన హెచ్‌పీ వస్తుంది. రెండున్నరను 70తో హెచ్చిస్తే 175, దాన్ని 75తో భాగిస్తే రెండుంపావు దాటుతుంది. పంపు తాను అందుకున్న బలంలో 60 శాతాన్ని నీళ్లకు అందిస్తే మోటారు మీద సుమారు నాలుగు హెచ్‌పీ భారం పడుతుంది. దుకాణంలో దొరికే దానిలో దానిపై మెట్టు ఐదు. కొంచెం మిగులు ఉండాలి కాబట్టి ఐదే సరైనది.

ఇక్కడ ఒక చిక్కు. ఐదు హెచ్‌పీ అన్న మాటతో మోటారు బలం తెలుస్తుంది గానీ పంపు స్వభావం తెలియదు. మోటారుపైన ఉండే పంపులో ఇంపెల్లర్లు ఒకదానిపై ఒకటి వరసగా ఉంటాయి, ఒక్కో వరసను స్టేజీ అంటారు. అదే ఐదు హెచ్‌పీ ఎనిమిది స్టేజీలతోనూ దొరుకుతుంది, పద్దెనిమిది స్టేజీలతోనూ దొరుకుతుంది. స్టేజీలు తక్కువున్నది తక్కువ ఎత్తుకు ఎక్కువ నీళ్లు పోస్తుంది, ఎక్కువున్నది లోతైన బోరు నుంచి తక్కువ నీళ్లు తెస్తుంది. లోతైన బోరులో తక్కువ స్టేజీల పంపు దింపితే డ్రిప్పు దగ్గర ఒత్తిడి చాలదు. నీళ్లు పైనే ఉన్న బోరులో ఎక్కువ స్టేజీలది దింపితే పంపు తన హద్దు దాటి ఎక్కువ నీళ్లు పోయడానికి పరుగెత్తుతుంది, ఆంపియర్లు పెరిగి మోటారు వేడెక్కుతుంది. వానాకాలంలో బోరు మట్టం పైకొచ్చినప్పుడు కొన్ని మోటార్లు కాలడానికి ఇదీ ఒక కారణం. అందుకే కంపెనీ ఇచ్చే హెడ్ పరిధిలో, వేసవి మట్టమూ వానాకాలం మట్టమూ రెండూ ఇమిడేలా చూసుకోవాలి.

మన రైతు పక్కచేనును చూసి ఏడున్నర దింపితే ఏమవుతుంది? బోరు ఊట రెండున్నర లీటర్లే. పంపు అంతకు మించి తోడుతుంది. గంటలోనే నీళ్లు మోటారు నెత్తి దాకా దిగి, బోరు గాలి పోయడం, ఆగి ఆగి పోయడం మొదలవుతుంది. రైతులు దీన్నే "గ్యాప్ ఇస్తోంది" అంటారు. సబ్‌మెర్సిబుల్ మోటారు చల్లబడేది చుట్టూ పారే నీళ్లతోనే. నీళ్లు తగ్గితే లోపలి బుష్షులు, అడుగున బరువు మోసే థ్రస్ట్ బేరింగు అరిగిపోతాయి, ఆ తర్వాత వైండింగు వంతు. హెచ్‌పీ పెంచినంత మాత్రాన బోరులో ఊట పెరగదు. చాలా చోట్ల హెచ్‌పీ పెంచడానికి మరో కారణం ఉంది, అదే లో వోల్టేజీ. కానీ ఊరంతా పెద్ద మోటార్లు దింపుకుంటే అదే వోల్టేజీ ఇంకా కిందకు దిగుతుంది.

ఎఫిషియెన్సీ అంటే ఏమిటో ఇక్కడే అర్థం చేసుకోవాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ ప్రకటించారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే ఉచిత కరెంటు మొదలైంది. బిల్లు రాని చోట యూనిట్లు ఎవరు లెక్కపెట్టుకుంటారన్న ప్రశ్న న్యాయమే. కానీ ఎక్కువ కరెంటు తాగే మోటారు నష్టం బిల్లులో కాకుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కనిపిస్తుంది.

పై బత్తాయి తోటకే రెండు పంపులు పోల్చుదాం. మొదటిదానిలో పంపు సామర్థ్యం 60 శాతం, మోటారు 80 శాతం. మొత్తం కలిపి 48 శాతం. అది తీసుకునేది 3.6 కిలోవాట్లు. రెండో దానిలో పంపు 40 శాతం, మోటారు 75 శాతం. మొత్తం 30 శాతమే. అవే నీళ్లు అదే ఎత్తుకు పోయడానికి అది 5.7 కిలోవాట్లు లాగుతుంది, పైగా దానికి ఏడున్నర హెచ్‌పీ మోటారు కావాలి. ఏడాదికి 1,400 గంటలు నడిస్తే తేడా 2,900 యూనిట్లు దాటుతుంది. అయిదుగురు రైతులు కలిసి వాడే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉందనుకోండి. మొదటి రకం మోటార్లు అయిదు ఒకేసారి నడిచినా దానిమీద పడేది సుమారు 22 కేవీఏ, అంటే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుంది. రెండో రకం అయిదు నడిస్తే అది 35 దాటుతుంది. అప్పుడు వోల్టేజీ కుంగుతుంది, ఫ్యూజులు పోతాయి, ఏదో ఒక రోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. బాగు చేసి తెచ్చేదాకా అయిదుగురి పొలాలూ ఎండుతాయి. వోల్టేజీ కుంగడం మోటారుకు ఎంత ప్రమాదమో ఇంకో లెక్క చెబుతుంది: మూడు ఫేజుల 415 వోల్టులు 330కి పడిపోతే, అంటే ఐదోవంతు తగ్గితే, మోటారు తిప్పే బలం మూడోవంతుకు పైగా తగ్గుతుంది. ఆ భారాన్నే మోయడానికి అది ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. లో వోల్టేజీ ప్రాంతంలో ఉన్నవాళ్లు తక్కువ వోల్టేజీకీ తట్టుకునేలా చేసిన మోడలు తీసుకోవాలి. ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా నడుస్తుందో మోటారు ప్లేటు మీదే రాసి ఉంటుంది.

ఆ ప్లేటు చదవడం నేర్చుకుంటే సేల్స్‌మన్ మాటతో పని తక్కువ. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టుకు ఐఎస్ఐ గుర్తు కింద ఐఎస్ 8034 అన్న నంబరు ఉండాలి. మోటారుకు వేరుగా ఐఎస్ 9283. తర్వాత చూడాల్సిన మూడు అంకెలు హెడ్, డిశ్చార్జి, మొత్తం సామర్థ్యం. మొత్తం సామర్థ్యాన్ని ప్లేటు మీద ఓవరాల్ ఎఫిషియెన్సీ అని రాస్తారు. ఇంధన సామర్థ్య బ్యూరో ఇచ్చే నక్షత్రాలు ఈ చివరి అంకెను బట్టే వస్తాయి. ఐఎస్ఐ నిర్దేశించిన కనీస సామర్థ్యాన్ని అందుకుంటే ఒక నక్షత్రం, దానికి కనీసం 20 శాతం మించితే అయిదు నక్షత్రాలు. కనీసం 40 అయితే అయిదు నక్షత్రాల పంపు 48 ఇవ్వాలన్న మాట. కానీ ఆ 48 ప్లేటు మీద రాసిన హెడ్ దగ్గరే వస్తుంది. 70 మీటర్లు కావాల్సిన రైతు 110 మీటర్లకు చేసిన అయిదు నక్షత్రాల పంపు కొంటే ఆ నక్షత్రాలు అతనికి పని చేయవు. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు వాటి కాటలాగుల్లో తన హెడ్‌కు దగ్గరగా ఉన్న మోడళ్లనే పక్కపక్కన పెట్టాలి. వేర్వేరు హెడ్‌ల అంకెలను పోల్చడం వల్ల ఏమీ తేలదు. కాటలాగు ఇవ్వడానికి వెనుకాడే దుకాణంలో కొనకపోవడమే మంచిది.

కాటలాగులు ముందు పెట్టుకున్నాక రెండు మూడు మోడళ్లు మిగులుతాయి. వాటి మధ్య సామర్థ్యంలో రెండు మూడు శాతం తేడా ఉండవచ్చు. ఆ తేడా కోసం పట్టుపట్టకూడదు. ఇక్కడ నుంచి సర్వీసు తీర్పు చెప్పాలి.

కారణం సూటిగానే ఉంది. సబ్‌మెర్సిబుల్ ఆగిపోతే నేల మీద తెరిచి చూసే వీలు లేదు. ట్రైపాడ్ నిలబెట్టి, చైన్ కప్పీ కట్టి, 220 అడుగుల పైపులను ఒక్కొక్కటిగా పైకి లాగాలి. అందుకు మనుషులు కావాలి, మెకానిక్ కావాలి, ఖర్చవుతుంది. తీశాక ఇంపెల్లరు అరిగిందని తెలిస్తే ఆ మోడలుకు సరిపోయే ఇంపెల్లరే కావాలి, మరొకటి పట్టదు. అది మండల కేంద్రంలో ఉంటే సాయంత్రానికి మోటారు దిగుతుంది. హైదరాబాద్ నుంచి రావాలంటే మూడు నాలుగు రోజులు, కోయంబత్తూరు నుంచి రావాలంటే వారమో పది రోజులో. వరి చిరుపొట్ట దశలో ఉన్నప్పుడు ఆ వారం ఎంత నష్టమో రైతుకు చెప్పనవసరం లేదు. అందుకే కొనే ముందు రోజు పని ఒకటుంది: సర్వీసు సెంటరు ఎక్కడుందో కంపెనీ ప్రతినిధిని కాకుండా, మండలంలో మోటార్లు ఎత్తి దింపే మెకానిక్కులను ఇద్దరు ముగ్గురిని అడగడం. "ఏ కంపెనీ సామాను మీ దగ్గర ఉంటది? ఏది ఎక్కువసార్లు పైకి తీసిండ్రు? వైండింగ్ ఎక్కడ చేయిస్తరు?" మూడు చోట్లా ఒకే పేరు వినపడితే అది గట్టి ఆధారం. ఎక్కువగా పైకి వచ్చే మోటారు తప్పక చెడ్డదని కాదు, ఎక్కువమంది కొన్నదీ కావచ్చు. అందుకే మెకానిక్‌ను ఏం పాడైందో కూడా అడగాలి. వైండింగు కాలితే అది వోల్టేజీ కథో, నీళ్లు లేక నడిచిన కథో కావచ్చు. ఏడాది తిరక్కుండా బుష్షులు, బేరింగు పోతున్నాయంటే ఆ మోడలును అనుమానించాలి, లేదా ఆ ప్రాంతపు బోర్లలో ఇసుక వస్తోందేమో చూడాలి.

వైండింగు సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. మనవైపు ఎక్కువగా వాడేవి నీళ్లు నింపే మోటార్లు. దింపే ముందు వాటిలో శుభ్రమైన నీళ్లు పోస్తారు, లోపలి రాగి తీగకు నీళ్లు అంటకుండా ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఆ తొడుగు తీగతోనే రీవైండింగ్ చేయాలి. తీగ గేజు కంపెనీ పెట్టినదానికంటే సన్నమైతే మోటారు మునుపటి కంటే వేడిగా నడుస్తుంది, మళ్లీ త్వరగా కాలుతుంది. పాత తీగ బరువూ, కొత్త తీగ బరువూ తూకం వేయించి రాయించుకునే రైతులున్నారు. ఇది పట్టింపుగా అనిపించవచ్చు, కానీ తీగ తగ్గిందో లేదో తెలుసుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు. మంచి సర్వీసు షాపు రీవైండింగ్ అయ్యాక మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూపిస్తుంది. అది లేని షాపుకు మోటారు ఇవ్వకూడదు.

వారంటీ కాగితం కూడా చదవాలి. సాధారణంగా ఏడాది పాటు ఉంటుంది, కానీ నీళ్లు లేకుండా నడవడం, లో వోల్టేజీ, ఒక ఫేజు పోయినా రెండు ఫేజుల మీదే నడవడం వల్ల కాలితే కంపెనీ బాధ్యత ఉండదని రాస్తారు. మోటార్లు కాలే కారణాల్లో ఇవే ఎక్కువ. కాబట్టి వారంటీకి విలువ రావాలంటే స్టార్టర్లో ఆ మూడింటినీ పట్టి ఆపే రక్షణలు ఉండాలి. మోటారు మీద ఖర్చు పెట్టి స్టార్టర్ దగ్గర మిగిల్చుకుంటే కాలినప్పుడు పూర్తి ఖర్చు రైతు మీదే పడుతుంది. బిల్లు మీద మోటారు సీరియల్ నంబరు రాయించడం, కార్డు మీద దుకాణం ముద్ర వేయించడం అప్పుడే చేయించుకోవాలి. బిల్లు లేకుండా తక్కువకు వస్తుందని కొన్న మోటారుకు ఏ సర్వీసు సెంటరూ సమాధానం చెప్పదు.

ఆటో స్టార్టర్ గురించి ఇక్కడే ఒక మాట. కరెంటు వచ్చిన క్షణంలో ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే వోల్టేజీ కుంగి, అవే మళ్లీ ఆగిపోతాయి. అవసరం ఉన్నా లేకున్నా బోరు ఖాళీ అవుతుంది. 24 గంటల సరఫరా మొదలైనప్పుడు తెలంగాణ ప్రభుత్వం వాటిని తీసేయమని రైతులను కోరింది కూడా ఈ భూగర్భజలాల భయంతోనే. తప్పనిసరి అనుకునేవాళ్లు కొన్ని నిమిషాలు ఆలస్యంగా లేచేలా టైమరు పెట్టించుకోవాలి.

చివరగా మోటారు దింపే రోజు పని. కొత్త పంపు నడిచి నీళ్లు నిలకడగా వచ్చాక, మెకానిక్ దగ్గరి క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల ఆంపియర్లు చూపించమని, వోల్టేజీ చూపించమని అడగాలి. డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో కొలవాలి. ఈ అంకెలను తేదీ వేసి స్టార్టర్ పెట్టె తలుపు లోపలి వైపు రాసి ఉంచితే తర్వాత వచ్చే ప్రతి లోపాన్ని వీటితో పోల్చవచ్చు. ఆంపియర్లు మారకుండా డ్రమ్ము 80కి బదులు 110 సెకన్లు పడితే, ఇంపెల్లర్లు అరిగినట్టో, పైపు జాయింటు కారుతున్నట్టో, లేదా నీటిమట్టం కిందకు దిగినట్టో. మట్టం కొలిచే గొట్టం ఉంటే ఏది అన్నది పైపులు తీయకుండానే తేలుతుంది. ఒక ఫేజు ఆంపియర్లు మిగతా రెండింటికీ దూరంగా ఉంటే ముందు ఫ్యూజులు, కేబులు జాయింటు, ట్రాన్స్‌ఫార్మర్ చూడాలి. మూడు ఫేజుల్లోనూ ఒకేలా పెరిగి, నడుస్తుంటే మోత వస్తుంటే బుష్షులో బేరింగో అరిగిందని అర్థం. ఆ దశలో మోటారు ఆపి పైకి తీస్తే బుష్షుతో సరిపోతుంది, ఇంకో వారం నడిపితే వైండింగు దాకా వెళ్తుంది.